పెసరగింజంత గాయం మానడానికి ఎన్ని రోజులు?

1995లో లాన్సెట్ వైద్యపత్రికలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ అనే పరిశోధకురాలి బృందం 26 మంది ఆడవాళ్లను, వాళ్లు ఒప్పుకున్నాకే, ఎంచుకుంది. మత్తుసూది ఇచ్చి, ముంజేతి మీద 3.5 మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రంగా కాస్త చర్మం తీసింది. గాయం దాదాపు పెసరగింజంత. ఆ తర్వాత చేసిందల్లా అది ఎప్పుడు మానుతుందో చూడడమే. ఫొటోలు తీశారు, గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి చూశారు. పుండు పచ్చిగా ఉంటే ఆ మందు నురగ కక్కుతుంది. నురగ రావడం ఆగిన రోజే గాయం మానిన రోజని లెక్క.

ఆ 26 మందిలో 13 మంది తమ ఇంట్లో డిమెన్షియా (వయసుతో వచ్చే తీవ్రమైన మతిమరుపు జబ్బు) ఉన్న మనిషిని ఏళ్లుగా చూసుకుంటున్నవాళ్లు. మిగతా 13 మంది వయసులోనూ ఇంటి ఆదాయంలోనూ వాళ్లలాంటివాళ్లే, కానీ ఆ బాధ్యత లేనివాళ్లు. బాధ్యత లేనివాళ్ల గాయం సగటున 39.3 రోజుల్లో మానింది. రోగిని చూసుకుంటున్నవాళ్లకు 48.7 రోజులు పట్టింది. తొమ్మిది రోజులకు పైగా ఆలస్యం, అంటే దాదాపు నాలుగోవంతు ఎక్కువ సమయం.

చేతిమీది చర్మానికి, ఇంట్లో మంచం పక్కన గడిచే రాత్రులకు ఏమిటి సంబంధం? ఈ ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఒత్తిడి ఒంట్లో చేసే పనిని కాలం ప్రకారం చూడాలి. మొదటి నిమిషాల్లో జరిగేది వేరు, మొదటి గంటలో జరిగేది వేరు, నెలలు గడిచాక జరిగేది మరీ వేరు. ఈ మూడింటినీ కలిపేసి ‘టెన్షన్’ అనే ఒక్క మాట కింద పెట్టడం వల్లే చాలా గందరగోళం వస్తోంది.

మొదటి నిమిషాల సంగతి తేల్చినవాడు వాల్టర్ కానన్, హార్వర్డ్ శరీరధర్మ శాస్త్రవేత్త. 1890ల చివర్లో ఆయన అప్పుడే కొత్తగా వచ్చిన ఎక్స్‌రేలతో పిల్లుల జీర్ణక్రియను గమనిస్తున్నాడు. పిల్లి కలవరపడితే చాలు, కడుపు కదలికలు ఠక్కున ఆగిపోవడం చూశాడు. తర్వాత 1911లో సహచరుడితో కలిసి మరో ప్రయోగం చేశాడు. ప్రశాంతంగా ఉన్న పిల్లి నుంచి కొంత రక్తం తీశారు. దాని ముందు కుక్క మొరిగాక మళ్లీ తీశారు. తనంతట తాను ముడుచుకుంటూ సాగుతూ ఉండే పేగు కండరపు ముక్కను ఆ రక్తాల్లో ఉంచి చూశారు. మొదటి రక్తంలో కండరం మామూలుగా కదిలింది, బెదిరిన పిల్లి రక్తంలో సడలి ఆగిపోయింది. భయం రక్తంలోకి ఏదో పదార్థాన్ని వదిలిందన్నమాట. అది అడ్రినలిన్. ఈ స్పందన పోట్లాడడానికో పారిపోవడానికో శరీరాన్ని సిద్ధం చేసే ఏర్పాటని కానన్ 1915లో పుస్తకంగా వివరించాడు.

అడ్రినలిన్ వచ్చేది మూత్రపిండాల పైన కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి. ఒక్కోటి నాలుగైదు గ్రాములు, రూపాయి బిళ్లకు అటూ ఇటూ. మెదడు నరాల ద్వారా నేరుగా కబురు పంపుతుంది కాబట్టి ఇది క్షణాల్లో విడుదలవుతుంది. గుండె వేగం, బీపీ పెరుగుతాయి. చర్మానికి, పేగులకు వెళ్లే రక్తం తగ్గి కాళ్లూ చేతుల పెద్ద కండరాలకు మళ్లుతుంది. అందుకే భయపడినప్పుడు ముఖం పాలిపోతుంది, నోరు ఎండుతుంది, అన్నం సయించదు.

ఇది ప్రమాదమా అని చాలామందికి అనుమానం. అడ్రినలిన్ లెక్క చూడండి. రక్తంలో అది సగానికి తగ్గడానికి రెండు మూడు నిమిషాలు చాలు. మూడు నిమిషాలకోసారి సగమవుతుందనుకున్నా, పావుగంటలో ఐదుసార్లు సగమవుతుంది. అంటే మిగిలేది ముప్ఫైరెండో వంతు, నూటికి మూడు పాళ్లు. రోడ్డు మీద లారీ మీదికొచ్చినట్టే వచ్చి తప్పిపోతే గుండె దడదడలాడి, పక్కకు ఆగి నీళ్లు తాగేసరికి సర్దుకోవడం ఇందుకే. గుండె ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఇది హాని కాదు. శరీరం సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు.

రెండో కబురు నెమ్మదిగా నడుస్తుంది. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ పక్కనే ఉన్న పీయూష గ్రంథికి చెబుతుంది, పీయూష గ్రంథి రక్తం ద్వారా అడ్రినల్ గ్రంథి పైపొరకు చెబుతుంది, అక్కడి నుంచి కార్టిసాల్ అనే హార్మోను బయల్దేరుతుంది. అది గరిష్ఠానికి చేరేది ఒత్తిడి మొదలైన ఇరవై ముప్ఫై నిమిషాలకు. అప్పటికి లారీ వెళ్లిపోయి ఉంటుంది. మరి ఆలస్యంగా వచ్చి ఇది చేసేదేమిటి?

ముఖ్యంగా రెండు పనులు. మొదటిది చక్కెర సమకూర్చడం. పెద్దవాళ్ల ఒంట్లో రక్తం సుమారు ఐదు లీటర్లు. పరగడుపున షుగర్ 90 ఉందంటే ప్రతి వంద మిల్లీలీటర్ల రక్తంలో 90 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉన్నట్టు. ఐదు లీటర్లకు లెక్క కడితే నాలుగున్నర గ్రాములు, టీచెంచాడు పంచదార. ఏ క్షణంలో చూసినా రక్తంలో ఉండే చక్కెర మొత్తం ఇంతే. ఒత్తిడిలో అడ్రినలిన్ కాలేయంలో నిల్వ ఉన్న చక్కెరను విడిపిస్తుంది. కార్టిసాల్ ఇంకొంచెం ముందుకు వెళ్లి, కండరాల్లోని మాంసకృత్తులను కరిగించి వాటితో కాలేయం చేత కొత్త చక్కెర తయారు చేయిస్తుంది, ఇన్సులిన్ పనిని మందగింపజేస్తుంది. షుగర్ జబ్బు ఉన్నవాళ్లకు జ్వరం వచ్చినా ఆపరేషన్ జరిగినా, తిండి మారకపోయినా అంకె పైకెక్కడానికి ఇదొక ముఖ్య కారణం.

రెండో పని, రోగనిరోధక వ్యవస్థకు కళ్లెం వేయడం. దెబ్బ తగిలినచోట వాపు, ఎరుపు వచ్చేది తెల్లకణాలు అక్కడికి చేరి పని మొదలుపెట్టడం వల్ల. ఆ పని అదుపు తప్పితే సొంత కణజాలమే దెబ్బతింటుంది, అందుకే కార్టిసాల్ దాన్ని హద్దులో ఉంచుతుంది. ఉబ్బసానికీ కీళ్లవాపుకూ డాక్టర్లు స్టెరాయిడ్ మాత్రలు ఇవ్వడం వెనక ఉన్నది ఈ గుణమే. ప్రెడ్నిసలోన్ లాంటి మందులు కార్టిసాల్ చేసే పనే చేస్తాయి. వాటిని నెలల తరబడి వాడినవాళ్లలో షుగర్ పెరగడం, ముఖం ఉబ్బడం, ఎముకలు పలచబడడం, పుండ్లు త్వరగా మానకపోవడం చూస్తాం. కార్టిసాల్ అవసరానికి మించి ఉంటే ఏమవుతుందో చెప్పే సాక్ష్యం మన ఇళ్లలోనే ఉంది. మందు మోతాదుతో పోలిస్తే ఒత్తిడి వల్ల పెరిగే కార్టిసాల్ చాలా తక్కువ, కానీ దారి అదే.

ఎంత పెరుగుతుందో కొలవడానికి ఒక ప్రామాణిక పరీక్ష ఉంది. జర్మనీలోని ట్రియర్ యూనివర్సిటీవాళ్లు 1993లో ప్రచురించారు. ముఖంలో ఏ భావమూ చూపించని పరీక్షకుల ముందు ఐదు నిమిషాలు ఉద్యోగానికి ఇంటర్వ్యూలాగా మాట్లాడాలి. ఆ వెంటనే మరో ఐదు నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసివేస్తూ పైకి చెప్పాలి. తప్పితే మళ్లీ మొదటి నుంచి. ఒంటికి ఏ దెబ్బా తగలదు, అయినా లాలాజలంలో కార్టిసాల్ రెండు నుంచి నాలుగు రెట్లవుతుంది. పదిమందిలో మాట పోతుందేమోనన్న భయం చాలు.

ఇదే పరీక్షను 1995లో వాళ్లు 20 మంది మగవాళ్లకు ఐదు రోజులు వరసగా పెట్టారు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే ఫలితం ఇది. 13 మందికి రెండో రోజు నుంచే స్పందన బాగా తగ్గిపోయింది. పరీక్షకులు అలాగే కూర్చున్నారు, లెక్క అలాగే ఉంది, శరీరం మాత్రం ‘ఇందులో ముప్పేమీ లేదు’ అని నేర్చుకుంది. మిగతా ఏడుగురికి రోజూ మొదటి రోజే. ఐదోసారి కూడా కార్టిసాల్ గణనీయంగా పెరిగింది. ‘నేనూ అదే ఆఫీసులో చేస్తున్నాను, నాకేం కాలేదే’ అనేవాళ్లూ, ‘నాకు రోజూ గుండెల్లో రాయి పడుతోంది’ అనేవాళ్లూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అలవాటు పడని ఆ శరీరంలో ఏం జరుగుతుందో చిన్న లెక్కతో చూద్దాం. కార్టిసాల్ సగానికి తగ్గడానికి గంట నుంచి గంటన్నర పడుతుంది, 70 నిమిషాలు అనుకుందాం. ఉదయం పదింటికి ఒక సంఘటన వల్ల మామూలు కన్నా 100 పాళ్లు ఎక్కువైంది. 11:10కి 50, 12:20కి 25, ఒంటిగంటన్నరకు 12. భోజనం వేళకు మనిషి మామూలైపోతాడు. కానీ 11:10కి మరో ఫోనొచ్చి ఇంకో 100 కలిస్తే అప్పుడు 150. 12:20కి ఇంకొకటి వస్తే 175. నిజానికి శరీరంలో బ్రేకు ఉంది. పెరిగిన కార్టిసాల్‌ను మెదడే గుర్తించి ఉత్పత్తి తగ్గిస్తుంది, కాబట్టి ఇంత సూటిగా పోగుపడదు. అయినా లెక్క చెప్పే విషయం మారదు. దెబ్బ ఎంత పెద్దదన్నదాని కన్నా, దెబ్బకూ దెబ్బకూ మధ్య కోలుకునే వ్యవధి దొరికిందా లేదా అన్నది ముఖ్యం.

ఆ వ్యవధి అసలే దొరకకపోతే? హాన్స్ సెల్యే ఎలుకల్లో చూసింది ఇదే. వియన్నాలో పుట్టి మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో పనిచేస్తున్న ఈయన 1930ల్లో కొత్త హార్మోను కోసం వెతుకుతూ ఎలుకలకు అండాశయాల సారం ఎక్కించాడు. అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, థైమస్ (ఛాతీలో ఉండి తెల్లకణాలను తీర్చిదిద్దే గ్రంథి) కుంచించుకుపోయింది, కడుపులో పుండ్లు పడ్డాయి. హార్మోను దొరికిందని సంబరపడ్డాడు. తీరా చూస్తే, శవాలు కుళ్లకుండా వాడే ఫార్మాలిన్ ఎక్కించినా అదే ఫలితం. చలిలో ఉంచినా, గాయం చేసినా, అలసిపోయేదాకా పరుగెత్తించినా అవే మూడు మార్పులు. కొత్త హార్మోను ఆశ పోయింది కానీ అంతకన్నా పెద్ద విషయం చేతికొచ్చింది. 1936 జులై 4న నేచర్ పత్రికలో ఒక పేజీ కూడా నిండని ఉత్తరంగా అచ్చయింది.

దానికి తర్వాత జనరల్ అడాప్టేషన్ సిండ్రోమ్ అని పేరు పడింది. దెబ్బ ఏదైనా శరీరం సర్దుకునే తీరు ఒకటే అని దాని భావం. సెల్యే మూడు దశలు చెప్పాడు. దెబ్బ మొదలైన 6 నుంచి 48 గంటల దాకా హెచ్చరిక దశ, అందులో ఆ మూడు మార్పులూ కనిపిస్తాయి. 48 గంటలు దాటాక నిలదొక్కుకునే దశ, ఎలుక తట్టుకుంటున్నట్టే ఉంటుంది. దెబ్బ ఆగకుండా కొనసాగితే ఒకటి నుంచి మూడు నెలల్లో అలిసిపోయే దశ, ఎలుక చచ్చిపోతుంది. రెండో దశే మోసపుచ్చేది. బయటికి అంతా బాగున్నట్టే ఉంటుంది, ఆ నిలకడకు లోపల ఏదో ఖర్చవుతూనే ఉంటుంది.

సెల్యే చెప్పిందంతా నిలబడలేదు, అది కూడా తెలుసుకోవాలి. దెబ్బ ఏదైనా స్పందన ఒకటేనన్న మాటను 1960, 70ల్లో జాన్ మేసన్ అనే పరిశోధకుడు ప్రశ్నించాడు. పక్క కోతులు తింటుండగా తిండి మానిపించిన కోతుల్లో కార్టిసాల్ పెరిగింది. పోషకం లేని ఉత్త బిళ్లలు ఇచ్చి, వాటికి లేమి తెలియకుండా చేస్తే పెరగలేదు. ఆకలి కన్నా ‘నాకు పెట్టడం లేదు’ అన్న బాధే స్పందనను రేపిందన్నమాట. నిలబడని రెండో మాట మూడో దశ గురించి. అలసట అంటే అడ్రినల్ గ్రంథి ఎండిపోయి కార్టిసాల్ అయిపోవడం అనే అభిప్రాయం ఇప్పటికీ తిరుగుతోంది, ‘అడ్రినల్ ఫటీగ్’ పేరుతో గోళీలూ అమ్ముతున్నారు. 2016లో 58 అధ్యయనాలను పరిశీలించిన ఒక సమీక్ష అలాంటి జబ్బుకు ఆధారం లేదని తేల్చింది. గ్రంథి నిజంగా పనిచేయకపోవడం అడిసన్స్ వ్యాధి. అది అరుదు, తీవ్రమైనది, దానికి వేరే పరీక్షలూ మందులూ ఉన్నాయి.

అయితే అరిగేదేమిటి? 1993లో బ్రూస్ మెక్యువెన్, ఎలియట్ స్టెల్లార్ అనే పరిశోధకులు దీనికి మెరుగైన జవాబు చెప్పారు. హార్మోను అయిపోవడం వల్ల కాదు, అది మరీ ఎక్కువకాలం పనిచేయడం వల్లే నష్టమని. కాపాడడానికి వచ్చిన హార్మోన్లే ఎక్కువసార్లు, ఎక్కువసేపు ఉంటే రక్తనాళాలు, షుగర్ నియంత్రణ, రోగనిరోధక శక్తి మీద భారం పోగవుతుంది. దీన్ని వాళ్లు అలోస్టాటిక్ లోడ్ అన్నారు, సర్దుకుపోవడానికి శరీరం కట్టే మూల్యం అనుకోవచ్చు.

ఇప్పుడు ముంజేతి గాయం దగ్గరికి వస్తే విషయం విడిపోతుంది. గాయం మానడంలో మొదటి అంచె తెల్లకణాలు చేరడం. వాటిని పిలిచే రసాయన సంకేతాల్లో ఇంటర్‌ల్యూకిన్-1 ఒకటి. రోగిని చూసుకుంటున్న ఆడవాళ్ల తెల్లకణాల్లో ఆ సంకేతాన్ని తయారుచేసే సామర్థ్యం తగ్గినట్టు పరిశోధకులు కనుక్కున్నారు. కార్టిసాల్ అణిచేది సరిగ్గా ఇలాంటి సంకేతాలనే. పిలుపు బలహీనమైతే పనివాళ్లు ఆలస్యంగా వస్తారు.

26 మందితో ఇంత మాట చెప్పవచ్చా అనే సందేహం న్యాయమైనది. రోగిని చూసుకునేవాళ్లకు నిద్ర తక్కువ, తిండి వేళకు ఉండదు, వాటి వల్ల కూడా కావచ్చు కదా? అందుకే 1998లో వచ్చిన ఇంకో అధ్యయనం ముఖ్యం. దంతవైద్యం చదివే 11 మంది విద్యార్థులకు అంగిట్లో 3.5 మిల్లీమీటర్ల గాయం రెండుసార్లు చేశారు. ఒకటి వేసవి సెలవుల్లో, రెండోది పరీక్షకు మూడు రోజుల ముందు. మనిషి వాడే, నోరు అదే. పరీక్షల వేళ గాయం మానడానికి సగటున మూడు రోజులు, అంటే 40 శాతం ఎక్కువ పట్టింది. పదకొండు మందిలో ఒక్కరికి కూడా సెలవుల్లో మానినంత త్వరగా మానలేదు. నిద్ర పాత్ర ఇందులోనూ ఉండొచ్చు. ఒత్తిడి ఒంటిని చేరే దారుల్లో నిద్ర చెడడం ఒకటి కాబట్టి రెంటినీ పూర్తిగా విడదీయలేం.

ఒత్తిడి ఎంతకాలం ఉంటే లెక్కలోకి వస్తుంది? షెల్డన్ కోహెన్ అనే పరిశోధకుడి బృందం 1998లో 276 మంది వాలంటీర్ల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి, ఎవరికి జలుబు చేస్తుందో చూసింది. నెలలోపు సాగిన తీవ్రమైన కష్టం ఉన్నవాళ్లకు ముప్పు పెరగలేదు. నెల, ఆపైన సాగుతున్న చిక్కులు, ముఖ్యంగా ఉద్యోగం లేకపోవడం, దగ్గరివాళ్లతో ఎడతెగని గొడవలు ఉన్నవాళ్లకు బాగా పెరిగింది. నెల అనేది గీత గీసినట్టు ఖచ్చితమైన హద్దు కాదు. అయినా సెల్యే ఎలుకల మూడో దశ కూడా నెల నుంచే మొదలైందని గమనించండి.

గుండె విషయంలో అంకెను దాని అసలు సైజులో చూడాలి. యూరప్‌లోని సుమారు 2 లక్షల ఉద్యోగుల వివరాలతో 2012లో లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం, పని ఎక్కువై, దాన్ని ఎలా చేయాలో తేల్చుకునే స్వేచ్ఛ తక్కువైన ఉద్యోగాల్లో గుండెజబ్బు ముప్పు 23 శాతం ఎక్కువ. వినడానికి భయంగా ఉంటుంది. ఉదాహరణకు మామూలుగా వెయ్యిమందిలో 20 మందికి గుండెజబ్బు వస్తుందనుకుంటే, 23 శాతం పెంపుతో అది సుమారు 25 అవుతుంది. అదే విశ్లేషణలో గుండెజబ్బుల భారంలో ఉద్యోగ ఒత్తిడి వాటా 3.4 శాతం, పోలిక కోసం అందులో పేర్కొన్న పొగతాగడం వాటా 36 శాతం. టెన్షన్ తగ్గించుకోవడానికి సిగరెట్ కాల్చేవాళ్లు చిన్న ముప్పును వదిలించుకోబోయి అంతకన్నా చాలా పెద్ద ముప్పును తెచ్చుకుంటున్నారు.

కడుపులో పుండు టెన్షన్ వల్లే అనే నమ్మకం కూడా సరిచేసుకోవాలి. అల్సర్లకు పెద్ద కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా అని రాబిన్ వారెన్, బారీ మార్షల్ నిరూపించారు, 2005లో నోబెల్ అందుకున్నారు. నొప్పి మాత్రలు మరో పెద్ద కారణం. తీవ్రంగా కాలిన గాయాలవాళ్లకు, ఐసీయూలో ఉన్నవాళ్లకు ఒత్తిడి పుండ్లు నిజంగానే పడతాయి, సెల్యే ఎలుకలు ఉన్న స్థితి దానికి దగ్గర. మామూలు కడుపుమంట నెలల తరబడి ఉంటే టెన్షన్ అని సరిపెట్టుకోకుండా బ్యాక్టీరియా పరీక్ష అడగండి, దొరికితే యాంటీబయాటిక్స్‌తో నయమవుతుంది.

నాకు ఒత్తిడి ఎంత ఉందో రక్తపరీక్షలో తెలుస్తుందా అని అడిగేవాళ్లున్నారు. తెలియదు. కార్టిసాల్ తెల్లవారి లేచిన అరగంట ముప్పావుగంటకు శిఖరానికి చేరి, అర్ధరాత్రికి అట్టడుగుకు దిగుతుంది. సూది భయానికే పెరగవచ్చు. ఆ పరీక్ష గ్రంథి జబ్బులను పట్టుకోవడానికే, అదీ డాక్టర్ రాస్తేనే. ఇంట్లో పనికొచ్చే కొలతలు వేరే ఉన్నాయి. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, వారం రోజులపాటు ఉదయం సాయంత్రం చూసుకున్న బీపీ సగటు. మందులూ తిండీ మారకుండానే పెరుగుతున్న షుగర్. పడుకున్న అరగంటకు కూడా పట్టని నిద్ర వారంలో ఎన్ని రాత్రులు, అది ఎన్ని వారాలుగా ఉందీ. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి తీసుకెళితే డాక్టర్ అడగాల్సిన పావుగంట ప్రశ్నలు తప్పుతాయి.

ఇంట్లో మంచం పట్టిన మనిషిని ఒక్కరే చూసుకుంటుంటే, వాళ్ల భారం మొత్తం తీసేయడం ఎవరివల్లా కాకపోవచ్చు. కానీ పైన చూసిన 70 నిమిషాల లెక్క ప్రకారం కార్టిసాల్ దిగిపోవడానికి కావలసింది ఎవరూ పిలవని మూడు నాలుగు గంటలు. వారానికి రెండు రాత్రులు కాపలా మరొకరు పంచుకుంటే ఆ గంటలు దొరుకుతాయి. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ వంతులు వేసుకునేటప్పుడు డబ్బు పంపడంతో పాటు ఈ రాత్రుల లెక్క కూడా వేసుకోవాలి.

ఒక జాగ్రత్త మాత్రం వాయిదా వేయకూడనిది. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమటలు పది నిమిషాలు దాటితే, ఆ రోజు ఎంత టెన్షన్ పడ్డా సరే, అది టెన్షనే అని ఇంట్లో తేల్చుకోకండి. ఆడవాళ్లలోనూ షుగర్ ఉన్నవాళ్లలోనూ నొప్పి లేకుండా ఆయాసం, వికారం మాత్రమే ఉండొచ్చు. 108కి ఫోన్ చేయండి. ఈసీజీ తీయడానికి పట్టేది ఐదు నిమిషాలు.